బోనస్ పోయిందన్నారు, మరి మిగతా పెంపు ఎక్కడిది?

కారు ఇన్సూరెన్స్ రెన్యువల్ నోటీసులో మొత్తం ఒక్కసారిగా పెరిగితే ఏజెంట్ చెప్పే కారణం ఒకటే: ‘పోయినేడాది క్లెయిమ్ చేశారు కదండీ, నో క్లెయిమ్ బోనస్ పోయింది.’ ఆ మాట నిజమే కావచ్చు. కానీ పెరిగినదంతా ఆ బోనస్ వల్లేనా అన్నది ఒక కాగితం మీద లెక్క వేస్తే తేలిపోతుంది.

ఈ బోనస్ మొత్తం ప్రీమియం మీద ఇచ్చే తగ్గింపు కాదు. మన బండికి జరిగే నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీదే వర్తిస్తుంది. థర్డ్ పార్టీ ప్రీమియాన్ని ప్రభుత్వం నిర్ణయిస్తుంది. దాన్ని బోనస్ తాకదు. క్లెయిమ్ లేని ఏళ్లు వరుసగా పెరిగేకొద్దీ తగ్గింపు 20, 25, 35, 45, 50 శాతంగా ఎదుగుతుంది. ఓన్ డ్యామేజ్ కింద ఒక్క క్లెయిమ్ తీసుకుంటే మామూలుగా మళ్లీ సున్నా నుంచే మొదలు.

ఊహకు ఒక కారు తీసుకుందాం. ఇంజిన్ 1200 సీసీ, థర్డ్ పార్టీ 3,416 రూపాయలు. పోయినేడాది 45 శాతం బోనస్ ఉంది, ఈ ఏడు 50 కావలసింది. ఈ ఏడాది బోనస్ తీయకముందు ఓన్ డ్యామేజ్ 8,200 అనుకుందాం. బోనస్ ఉంటే 4,100కు 3,416 కలిపి, 18 శాతం జీఎస్టీ వేస్తే 8,869. బోనస్ పోతే 13,707. తేడా 4,838 రూపాయలు. పోయిన 4,100కు జీఎస్టీ కలిపితే సరిగ్గా అంతే.

ఇప్పుడు నోటీసులో 16,067 ఉందనుకోండి. అదనంగా ఉన్న 2,360 బోనస్ ఖాతాలోది కాదు. దాన్ని 1.18తో భాగిస్తే 2,000 వస్తుంది. ఆ అంకె నోటీసులో ఏ వరుసలో ఉందో వెతకాలి. పోయినేడాది లేని జీరో డిప్రిసియేషన్ లాంటి యాడ్ ఆన్ ఈసారి చేరి ఉండొచ్చు, లేదా ఓన్ డ్యామేజ్ రేటే పెంచి ఉండొచ్చు. బండి పాతబడేకొద్దీ దాని బీమా విలువ, అంటే ఐడీవీ, తగ్గాలి. అది తగ్గినా ఓన్ డ్యామేజ్ పెరిగితే కంపెనీని కారణం అడగాల్సిందే. పాత పాలసీ, కొత్త నోటీసు పక్కపక్కన పెట్టి వరుస వరుసా పోల్చితే ఈ తేడా కనబడుతుంది. చివరి మొత్తం మాత్రమే చూస్తే కనబడదు.

బోనస్ నష్టం ఒక్క ఏడాదితోనూ ఆగదు. మళ్లీ 50 శాతానికి చేరేదాకా ఐదేళ్లలో 50, 30, 25, 15, 5 శాతం చొప్పున పోతుంది. మొత్తం ఓ ఏడాది ఓన్ డ్యామేజ్ ప్రీమియానికి ఒకటింబావు రెట్లు. ఐడీవీ తగ్గుతుంది కాబట్టి రూపాయల్లో కొంత తక్కువే. అయినా బంపర్ గీతకు ఐదారు వేల బిల్లు వచ్చినప్పుడు క్లెయిమ్ పెట్టేముందు ఈ లెక్క వేసుకోవడం అవసరం.

క్లెయిమే చేయకపోయినా బోనస్ సున్నా అని వస్తే పాలసీ ముగిసిన తేదీ చూడండి. 90 రోజులు దాటాక రెన్యువల్ చేస్తే బోనస్ పోతుంది. ఆ గడువూ దాటలేదంటే ఏ క్లెయిమ్ నంబరు ఆధారంగా తీసేశారో రాతపూర్వకంగా అడగండి.