బిల్లు మారింది, బ్యాంకు ఖాతా మారలేదు

విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ ఏజెన్సీ ఉందనుకుందాం. చుట్టుపక్కల ఊళ్లలో నాలుగు వందల మెడికల్ షాపులకు అప్పు మీద సరుకు వేస్తుంది. పదిహేనేళ్లుగా నడుస్తున్న పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇక లాగలేనంటోంది. అక్టోబరు 1 నుంచి కొత్తది. ఆ సంగతి షాపులవాళ్లకు చెప్పాలి. యజమాని గుమస్తాను పిలిచి, 'అందరికీ వాట్సాప్‌లో ఒక మెసేజ్ పడేయ్' అంటాడు. గుమస్తా ఇలా రాస్తాడు: 'మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మారింది. ఇకపై చెల్లింపులు ఈ కింది ఖాతాకు పంపగలరు.'

ఈ రెండు వాక్యాలు చదివి తెలివైన షాపు యజమాని డబ్బు ఆపేస్తాడు. ఆపడమే సరైన పని. ఎందుకంటే మోసగాళ్లు రాసే మెసేజ్ కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. సరఫరాదారు ఈమెయిల్‌లోకో ఫోన్‌లోకో చొరబడతారు. ఎవరు ఎంత బాకీ ఉన్నారో చూసుకుంటారు. తర్వాత 'సిస్టమ్ అప్‌గ్రేడ్ అయింది, ఖాతా మారింది' అని రాస్తారు. సాఫ్ట్‌వేర్ మార్పు వాళ్లకు దొరికే అన్నిటికంటే నమ్మదగ్గ సాకు.

కాబట్టి సాఫ్ట్‌వేర్‌నీ బ్యాంకు ఖాతానీ ఒకేసారి మార్చకూడదన్నది నా అభిప్రాయం. ఖాతా మార్చక తప్పకపోతే మూడు నెలలు ఆగి, విడిగా మార్చుకోవచ్చు. అప్పుడు ఉత్తరంలో అన్నిటికంటే విలువైన వాక్యం రాసే వీలుంటుంది: 'మా బ్యాంకు ఖాతా మారలేదు. మారిందని ఎవరు చెప్పినా డబ్బు పంపకండి, మీ దగ్గరున్న మా పాత నంబరుకు ఫోన్ చేయండి.' ఇక్కడ 'పాత నంబరు' అన్న మాట కీలకం. ఉత్తరం కిందే కొత్త నంబరు ఇచ్చి 'అనుమానముంటే దీనికి చేయండి' అంటే దొంగనే అడిగి తేల్చుకోమన్నట్టు.

ఒక్కోసారి ఖాతా మార్పు సాఫ్ట్‌వేర్‌తోనే ముడిపడి వస్తుంది. కొన్ని బ్యాంకులు ఒక్కో ఖాతాదారుకు ఒక్కో వర్చువల్ ఖాతా నంబరు ఇస్తాయి. డబ్బు ఏ నంబరుకు వచ్చిందో చూసి ఏ షాపు కట్టిందో సాఫ్ట్‌వేర్ తనంతట తానే పట్టుకుంటుంది. అలాంటప్పుడు కొత్త నంబరును వాట్సాప్‌లో పంపొద్దు. లైన్‌కు వెళ్లే సేల్స్‌మన్ చేత ముద్ర వేసిన కాగితం ఇప్పించాలి. షాపాయన ముందు ఒక్క రూపాయి పంపి, అందిందని ఫోన్‌లో విన్నాకే మిగతాది పంపాలి. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ చేసేటప్పుడు ఖాతా ఎవరి పేరున ఉందో చూపే సదుపాయం 2025 ఏప్రిల్ 1 నాటికి బ్యాంకులన్నీ పెట్టాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. తెర మీద కనిపించే పేరు ఏమిటో కాగితంలో ముందే రాస్తే షాపాయనకు పోల్చుకోవడం తేలిక.

ఇక కొత్త బిల్లు. రంగులూ లోగోలూ మారితే ఎవరికీ పట్టదు. షాపులో కొనుగోలు ఎంట్రీ వేసే కుర్రాడికి కావలసింది బిల్లు నంబరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ ఇప్పుడు ఎక్కడున్నాయన్నదే. ఒక నమూనా బిల్లు తీసుకుని ఆ మూడు చోట్లా ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి ఫొటో పంపితే పేజీడు వివరణ అక్కర్లేదు.

బిల్లు నంబరు దగ్గర మాత్రం ఒక చిక్కుంది. జీఎస్టీ నిబంధన ప్రకారం నంబరు పదహారు అక్షరాలు దాటకూడదు, ఒక ఆర్థిక సంవత్సరంలో అదే నంబరు రెండోసారి రాకూడదు. మన ఏజెన్సీ ఏప్రిల్‌లో 1తో మొదలుపెట్టి సెప్టెంబరు చివరికి 4306 దాకా వచ్చింది. కొత్త సాఫ్ట్‌వేర్ మళ్లీ 1 నుంచి మొదలుపెడితే? టర్నోవర్ అయిదు కోట్లు దాటినవాళ్లకు ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి. పోర్టల్ ఇచ్చే ఐఆర్‌ఎన్ అనే గుర్తింపు సంఖ్య అమ్మకందారు జీఎస్టీ నంబరు, ఆర్థిక సంవత్సరం, పత్రం రకం, బిల్లు నంబరు కలిపి తయారవుతుంది. ఈ నాలుగూ ఏప్రిల్ నాటి బిల్లుతో సరిపోతే పోర్టల్ 'ఇది ముందే ఉంది' అని తిప్పి పంపుతుంది. సరుకు ఆటోలో ఎక్కి ఉంటుంది, బిల్లు మాత్రం రాదు. అందుకే కొత్త వరుసకు ముందు ఒక అక్షరం తగిలించి N-00001 అని మొదలుపెట్టాలి. ఆ సంగతి షాపులకూ చెప్పాలి. లేకపోతే 4306 తర్వాత 4307 ఏదని వెతుక్కుంటారు.

కొత్త బిల్లు మీద రెండు క్యూఆర్ కోడ్‌లు ఉంటాయి, ఫోన్లు ఎక్కువగా మోగేది ఇక్కడే. ఒకటి ఈ-ఇన్‌వాయిస్‌ది. బిల్లు అసలైనదేనని సరిచూడటానికి తప్ప డబ్బు కట్టడానికి పనికిరాదు. దాన్ని యూపీఐ యాప్‌తో స్కాన్ చేసి 'మీ క్యూఆర్ పనిచేయట్లేదు' అంటారు. రెండోది చెల్లింపుది. దాని లోపల ఉండేది ఇంతే:

```
upi://pay?pa=agency@bank&pn=AGENCY&am=12480.00&tr=N-00001&cu=INR
```

ఎవరికి, ఎంత, ఏ బిల్లుకు అన్నవి అందులోనే ఉంటాయి కనుక షాపాయన అంకె కొట్టనక్కర్లేదు. ఒక కోడ్ మీద 'తనిఖీకి మాత్రమే', రెండోదాని మీద 'డబ్బు కట్టడానికి' అని తెలుగులో పెద్దగా ముద్రిస్తే సగం ఫోన్లు తగ్గుతాయి.

అసలు గొడవ పాత బాకీలది. ఒక షాపు సెప్టెంబరు 30 నాటికి మూడు బిల్లులు బాకీ: 3981 కింద 18,200, 4172 కింద 21,400, 4306 కింద 9,000. మొత్తం 48,600. ఇందులో ఎక్స్‌పైరీ సరుకు వెనక్కి ఇచ్చినందుకు 1,150 రూపాయల క్రెడిట్ నోటు రావాలి. అది పాత సాఫ్ట్‌వేర్‌లో విడిగా పడి ఉంది, ఏ బిల్లుకూ సర్దలేదు. మార్చేవాళ్లు తొందరలో మూడు బిల్లులూ కలిపి ఓపెనింగ్ బ్యాలెన్స్ 48,600 అని ఒకే అంకె ఎక్కించేశారు. క్రెడిట్ నోటు పాతదాంట్లోనే ఉండిపోయింది.

3981లో కొన్ని సీసాలు పగిలి వచ్చాయని షాపాయన దాన్ని ఆపి, 4172కు క్రెడిట్ నోటు పోను 20,250 పంపాడు. కొత్త సాఫ్ట్‌వేర్‌లో 4172 అనే బిల్లే లేదు. గుమస్తా దాన్ని మొత్తం ఖాతాలో జమ వేశాడు. షాపాయన లెక్కలో ఇంకా ఇవ్వాల్సింది 27,200. ఏజెన్సీ తెర మీద 28,350. తేడా సరిగ్గా ఆ 1,150. పైగా పగిలిన సీసాల గొడవ ఏ బిల్లుదో చూపించే ఆనవాలు కూడా పోయింది.

దీనికి మందు మార్పుకు ముందే ఉంది. బాకీలు బిల్లు వారీగా, పాత నంబర్లూ పాత తేదీలతో ఎక్కించాలి, సర్దని క్రెడిట్ నోట్లతో సహా. ఎక్కించాక ప్రతి షాపుకూ బాకీ ధ్రువీకరణ కాగితం పంపాలి. ఉత్తరం ఇలా ఉంటే చాలు:

'అయ్యా, అక్టోబరు 1 నుంచి మా బిల్లు రూపం మారుతోంది. బిల్లు నంబర్లు N-00001 నుంచి మొదలవుతాయి. మా బ్యాంకు ఖాతా, యూపీఐ ఐడీ మారలేదు. సెప్టెంబరు 30 నాటికి మీ బాకీ వివరం బిల్లు వారీగా జత చేశాము. తేడా ఉంటే అక్టోబరు 10 లోగా మా సేల్స్‌మన్‌కు గానీ, మీకు తెలిసిన ఆఫీసు నంబరుకు గానీ చెప్పగలరు. పాత బిల్లులకు డబ్బు పంపేటప్పుడు పాత బిల్లు నంబరే రాయండి. 10వ తేదీ దాకా బాకీ గుర్తుచేసే మెసేజ్‌లు పంపము.'

చివరి వాక్యం చాలామంది మర్చిపోతారు. కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఆటోమేటిక్ రిమైండర్ల మీట చాలాసార్లు మొదటి నుంచే తెరిచి ఉంటుంది. లెక్క తేలకముందే 'మీ బాకీ గడువు దాటింది' అని నాలుగు వందల షాపులకు తెల్లవారుజామున మెసేజ్ వెళ్తే, ఎప్పుడూ గడువు తప్పని షాపాయన మరుసటి ఆర్డరు వేరే ఏజెన్సీకి ఇస్తాడు.

పాత కంప్యూటర్‌ను మాత్రం అమ్మేయకూడదు. జీఎస్టీ చట్టం ప్రకారం ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల దాకా రికార్డులు ఉంచాలి. ఏ ఆడిట్ సమయంలోనో ఒక షాపాయన ఫోన్ చేసి '3981 నకలు ఒకటి పంపండి' అంటాడు. ఆ రోజు పాత సాఫ్ట్‌వేర్ తెరుచుకోవాలి, దాని పాస్‌వర్డ్ ఎవరో ఒకరికి గుర్తుండాలి.