జైనుల సంవత్సరి: చవితికా, పంచమికా?

అపోహ: జైనులకు పర్యూషణ్ ఎనిమిది రోజులు, చివరి రోజు వినాయక చవితి.

తూప్రాన్‌లో గణపతి మండపాలు లేచే వారంలోనే ఆ చివరి రోజైన సంవత్సరి కూడా వస్తుంది కాబట్టి ఈ మాట తేలిగ్గా నమ్మేస్తాం. శ్వేతాంబరుల్లో విగ్రహారాధకులైన తపాగచ్ఛం వారి వరకు ఇది నిజమే. స్థానకవాసి, తేరాపంథ్ వారికి సంవత్సరి మర్నాడు, భాద్రపద శుద్ధ పంచమి. దిగంబరులకు ఆ పంచమినాడే పండుగ మొదలు. వారి దశలక్షణ పర్వం పది రోజులు సాగి అనంత చతుర్దశితో ముగుస్తుంది.

2025నే చూడండి. తపాగచ్ఛం వారికి ఆగస్టు 20 నుంచి 27 వరకు, స్థానకవాసులకు 21 నుంచి 28 వరకు, దిగంబరులకు 28 నుంచి సెప్టెంబరు 6 వరకు. పక్కపక్క దుకాణాల్లో ఒకాయన ఉపవాసాలు ముగించుకుంటే, ఇంకొకాయన అప్పుడే మొదలుపెట్టవచ్చు.

అపోహ: మార్వాడీ పంచాంగంలో పర్యూషణ్ భాద్రపదంలో మొదలవుతుంది, మన క్యాలెండర్‌లో శ్రావణం కదా, ఎవరో తప్పు రాశారు.

ఎవరూ తప్పు రాయలేదు. మనకు, గుజరాతీలకు నెల అమావాస్యతో ముగుస్తుంది, మార్వాడీలకు పున్నమితో. అందుకే ఆ ఆగస్టు 20 మనకు శ్రావణ బహుళ ద్వాదశి, వారికి భాద్రపద బహుళ ద్వాదశి. రోజు ఒకటే. శుక్లపక్షం వచ్చేసరికి నెల పేరు కూడా కలిసిపోతుంది.

అపోహ: చవితి ఎంచుకున్నది వినాయకుడి పండుగ చూసే.

అసలు లెక్క వానాకాలపు చాతుర్మాస్యానిది. ఆషాఢ పున్నమి దాటాక ఆషాఢ బహుళంలో 15 తిథులు, శ్రావణంలో 30, భాద్రపదంలో 5, మొత్తం 50. అంటే పంచమి. అక్కడి నుంచి కార్తిక పున్నమికి ఇంకో 70. కల్పసూత్రం ప్రకారం ముందే జరుపుకోవచ్చు గాని, ఆ యాభయ్యో రాత్రి దాటకూడదు. ఈ వెసులుబాటుతోనే కాలకాచార్యుడు చవితికి మార్చాడని జైన సంప్రదాయం చెబుతుంది. ప్రతిష్ఠానపురంలో పంచమినాడు ఇంద్రోత్సవం ఉండటంతో, తాను రెండింటికీ రాలేనని శాతవాహన రాజు వేడుకున్నాడట. మరుసటి రోజుకు జరపమంటే ఆచార్యుడు ఒప్పుకోలేదు, ముందురోజుకు సరేనన్నాడు. కథ ఎంతవరకు చరిత్రో గాని, నియమం మాత్రం ఇందులో చక్కగా ఇమిడింది.

అపోహ: ఎంత తేడా ఉన్నా ఒక్కరోజే.

అధిక మాసం వస్తే ఆ మాట చెల్లదు. 2023లో అధిక శ్రావణం వచ్చింది. శ్వేతాంబరుల్లోనే మరో శాఖ ఖరతరగచ్ఛం వారు 50 రోజుల లెక్కను పట్టుకుంటారు, కాబట్టి వారికి సంవత్సరి నిజ శ్రావణంలోనే, ఆగస్టులో పడుతుంది. తపాగచ్ఛం వారు అధిక మాసాన్ని లెక్కలోకి తీసుకోరు, తరువాతి 70 రోజులు నిలవాలంటారు. వారు సెప్టెంబరు దాకా ఆగారు. 2026లో వచ్చేది అధిక జ్యేష్ఠం. అది ఆషాఢానికి ముందే అయిపోతుంది కాబట్టి ఈ పేచీ లేదు.