దవడ చూసి బుట్టకమ్మలు

బుట్టకమ్మలు కొనేముందు చాలామంది ఒక సెల్ఫీ తీసుకుని తమది గుండ్రటి ముఖమా, కోలముఖమా అని తేల్చుకోవాలని చూస్తారు. చిక్కు అక్కడే వస్తుంది. చెయ్యి చాచిన దూరంలో తీసిన ఫొటోలో కెమెరాకు దగ్గరగా ఉన్న ముక్కు పెద్దదవుతుంది, వెనకనున్న చెవులూ దవడ మూలలూ చిన్నవైపోతాయి. అమెరికా పరిశోధకులు 2018లో లెక్కకట్టిన ప్రకారం, అడుగు దూరం నుంచి తీస్తే ముక్కు వెడల్పు ఉన్నదానికంటే దాదాపు 30 శాతం ఎక్కువగా కనిపిస్తుంది. అయిదడుగుల దూరంలో ఆ తేడా ఉండదు.

అందుకే ఫొటో ఇంకొకరి చేత అయిదడుగుల అవతల నుంచి, కాస్త జూమ్ చేసి తీయించుకోవాలి. జుట్టు వెనక్కి ముడివేసుకోవాలి. ఫోన్ చెవుల ఎత్తులో ఉండాలి. పైనుంచి తీస్తే గడ్డం సన్నబడుతుంది. ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి చాలు. పక్క ఫొటోకి చెవి దగ్గర స్కేలు పట్టుకుంటే కొలతలు కూడా దొరుకుతాయి.

ఒకామె ఫొటోల్లో నుదురు, బుగ్గలు, దవడ దాదాపు ఒకే వెడల్పున ఉన్నాయనుకుందాం. అంటే చదరపు ముఖం. చెవి రంధ్రం నుంచి దవడ మూలకు 40 మిల్లీమీటర్లు. ఆమె మనసుపడ్డ బుట్టకమ్మల పొడవూ అంతే, బుట్ట అంచు వెడల్పు 28. పెట్టుకుంటే ఆ అంచు సరిగ్గా దవడ మూల పక్కకే వస్తుంది. అసలే వెడల్పైన చోటు మరింత వెడల్పుగా కనిపిస్తుంది. దానికి బదులు 25 మిల్లీమీటర్లలో ముగిసే చిన్న బుట్టలు గానీ, మూల దాటి 60 దాకా దిగే సన్నటి లోలాకులు గానీ ఆమెకు నప్పుతాయి. కోలముఖం, కొనదేలిన గడ్డం ఉన్నవారికైతే ఆమె వద్దనుకున్న బుట్టలే బాగుంటాయి, దవడ పక్కన ఖాళీ నిండుతుంది కాబట్టి.

ఇక చెవి సంగతి. ఆమె తమ్మె చిన్నది, రంధ్రం కింద నాలుగు మిల్లీమీటర్ల కండే ఉంది. ఇలాంటి చెవికి బరువైన దిద్దు పెడితే ముఖం కిందికి వాలిపోతుంది. వెనక శీల బిళ్ల కాస్త వెడల్పుగా ఉంటే తమ్మెకు ఆని నిలబడుతుంది. పెద్ద బుట్టలే కావాలంటే మాటీలు తగిలించి బరువు కొంత జుట్టుకు అప్పగించవచ్చు. రంధ్రం గుండ్రంగా కాక నిలువు గీతలా సాగి కనిపిస్తే మాత్రం బరువైనవి మానుకోవాలి.

కొనేముందు పొడవూ వెడల్పూ సరిపోల్చి కాగితం కత్తిరించి, చెవికి టేపుతో అంటించి, అదే దూరం నుంచి మళ్లీ ఫొటో తీసుకుంటే ఎక్కడ ముగుస్తుందో తెలిసిపోతుంది. బరువు మాత్రం ఫొటోకి అందదు. దుకాణంలో రెండు చెవులకూ పెట్టుకుని, పది నిమిషాలు అటూ ఇటూ తిరిగి, తమ్మె లాగుతోందా లేదా చూసుకోవాలి.