సరుకు దిగేసరికి గడువెంత మిగలాలి?

గోధుమపిండి ప్యాకెట్ మీద మూడు నెలల గడువు రాసి ఉన్నా, ఆ 90 రోజులూ దుకాణదారుకు దక్కవు. కంపెనీ గోదాములో కొన్నాళ్లు, డిస్ట్రిబ్యూటర్ దగ్గర కొన్నాళ్లు గడిచిపోతాయి. మిగిలిన రోజులు దుకాణంలో అమ్మకానికీ, కొన్నవాళ్ల ఇంట్లో వాడకానికీ సరిపోవాలి. అందుకే ఆర్డరు ఇచ్చేటప్పుడే ‘సరుకు నా దగ్గర దిగే రోజుకు ఇన్ని రోజుల గడువు ఉండాలి’ అని రాయించుకోవడం మంచిది.

ఆ ‘ఇన్ని’ ఎన్నో అమ్మకాన్ని బట్టి తేలుతుంది. రోజుకు మూడు ఐదు కిలోల పిండి ప్యాకెట్లు అమ్మే దుకాణం 100 ప్యాకెట్లు తెప్పించిందనుకుందాం. చివరిది అమ్ముడయ్యేసరికి 34 రోజులు పడుతుంది. కొన్న ఇంట్లో అది 25 రోజులు వస్తుందనుకుంటే మొత్తం 59. అంటే దించుకునే రోజుకు కనీసం 60 రోజులుండాలి, మొత్తం గడువులో మూడింట రెండొంతులు.

ఇప్పుడు ఏప్రిల్ 1న ప్యాక్ చేసిన సరుకు మే 11న వచ్చింది. జూన్ 30 వరకు 50 రోజులే మిగిలాయి. ఇంటి వాడకానికి 25 తీసేస్తే అమ్మడానికి 25 రోజులు, అంటే 75 ప్యాకెట్లు. మిగతా 25 ప్యాకెట్లను తిప్పి పంపాలి, లేదా ధర తగ్గిస్తే తీసుకోవాలి. ఈ రెండూ ఆర్డరులోనే ఉంటే బండి దగ్గర వాదన ఉండదు.

షరతులో రెండు మాటలు స్పష్టంగా ఉండాలి. ఒకటి, గడువు లెక్క సరుకు బయల్దేరిన రోజు నుంచి కాదు, దిగిన రోజు నుంచి. రెండు, ఇది బ్యాచ్ వారీగా వర్తిస్తుంది. లేకపోతే కొత్త పెట్టెలు పైన, పాతవి అడుగున వచ్చినా ‘సగటున బాగానే ఉంది’ అంటారు. కాబట్టి పైన, మధ్యన, అడుగున ఉన్న పెట్టెలను విప్పి, లోపలి ప్యాకెట్ మీద తేదీ చూడాలి. తక్కువ గడువు కనిపిస్తే బ్యాచ్ నంబరు, ప్యాకెట్ల సంఖ్య డెలివరీ చలాన్ మీద రాసి, ఆ తర్వాతే సంతకం పెట్టాలి. సంతకమయ్యాక అడిగితే, తేదీ చూసే తీసుకున్నారని సరఫరాదారు అనగలడు.

ఆన్‌లైన్ అమ్మకందారులు వినియోగదారుకు అందించేసరికి కనీసం 30 శాతం గడువు గానీ 45 రోజులు గానీ మిగిలి ఉండేలా చూడాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2024 నవంబరులో చెప్పింది. అది కొనేవారి రక్షణకు. దుకాణానికి కావాల్సిన గడువు మాత్రం డిస్ట్రిబ్యూటర్‌తో ఒప్పందంలోనే తేలాలి.

అన్ని సరుకులకూ ఒకే శాతం పెట్టడం కుదరదు. రెండు రోజుల గడువున్న పాల ప్యాకెట్‌కు శాతం కన్నా ‘ఈ రోజు ప్యాక్ చేసిందే’ అన్న షరతు మేలు. నెమ్మదిగా కదిలే సరుకుకు మరీ ఎక్కువ గడువు పట్టుబడితే డిస్ట్రిబ్యూటర్ ధర పెంచుతాడు, లేదా ఇవ్వనంటాడు. అలాంటప్పుడు షరతు సడలించే ముందు ఆర్డరు తగ్గించి చూడాలి. పైన చెప్పిన దుకాణమే 100కు బదులు 60 ప్యాకెట్లు తెప్పిస్తే 20 రోజుల్లో అమ్ముడవుతాయి, అప్పుడు 45 రోజుల గడువు చాలు.