బుద్ధుడు తేటపడాలి, ముఖం మాడకూడదు

డిసెంబరు ఉదయం, ఏడున్నర దాటింది. ట్యాంక్‌బండ్ మీద రెయిలింగ్ పక్కన ఒక యువకుణ్ణి నిలబెట్టి, వెనక హుస్సేన్‌సాగర్ బుద్ధ విగ్రహం వచ్చేలా ఫొటో తీశామనుకుందాం. మన కంటికి విగ్రహం బాగానే కనిపించింది. తీరా ఫొటోలో చూస్తే బూడిదరంగు పరదా వెనక దాక్కుంది. అప్పుడు చాలామంది చేసే పని ఒకటే. ఎడిటింగ్ యాప్‌లో Dehaze అనే స్లైడర్ పట్టుకుని యాభై దాకా లాగుతారు. విగ్రహం బయటపడుతుంది. కానీ ముందున్న కుర్రాడి ముఖం ఇటుకరంగుకు తిరుగుతుంది, కళ్ల కింద నల్లటి గుంటలు పడతాయి, తెల్లచొక్కా ఉతకనట్టు తయారవుతుంది. పెళ్లి ఆల్బమ్‌లలో, ప్రీ వెడ్డింగ్ ఫొటోల్లో ఈ ఇటుకరంగు ముఖాలు ఎన్ని కనిపిస్తాయో చెప్పలేం.

తప్పు స్లైడర్‌ది కాదు. పరదా ఎక్కడుందో చూడకుండా దాన్ని ఫొటో అంతటా లాగడంలో ఉంది.

చలికాలం రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. నేలకు ఆనుకున్న గాలి చల్లగా, దాని పైపొర వెచ్చగా ఉంటుంది. చల్లగాలి బరువైనది కాబట్టి పైకి లేవదు. బండ్ల పొగ, రోడ్డు దుమ్ము, చెత్త తగలబెట్టిన పొగ అన్నీ ఆ కింది పొరలోనే చిక్కుకుంటాయి. తేమ ఉంటే ఆ రేణువుల మీద నీరు పట్టి అవి ఇంకాస్త ఉబ్బుతాయి. ఉబ్బిన రేణువు అన్ని రంగుల వెలుతురునూ ఇంచుమించు ఒకేలా చెదరగొడుతుంది. అందుకే ఆ పరదా తెల్లగా, బూడిదగా ఉంటుంది. ఇది రెండు పనులు చేస్తుంది. దూరపు వస్తువు నుంచి మనవైపు వచ్చే వెలుతురును దారిలో తగ్గిస్తుంది. తగ్గినచోట తన సొంత తెలుపును నింపుతుంది.

ఎంత తగ్గుతుందనేది దూరాన్ని బట్టే. ఆ ఉదయం రెండు కిలోమీటర్ల వరకే చూపు ఆనుతోందనుకుందాం. ఆ లెక్కన అర కిలోమీటరు దూరంలో ఉన్న విగ్రహం వెలుతురులో మనదాకా చేరేది 38 శాతం. మిగతా అంతా పరదాయే. ఒకటిన్నర కిలోమీటరు అవతల, నెక్లెస్ రోడ్డు వైపు ఉన్న భవనాల నుంచి వచ్చేది ఐదు శాతమే. మరి కెమెరాకు రెండు మీటర్ల దూరంలో ఉన్న ముఖం? 99 శాతానికి పైగా యథాతథంగా వచ్చేసింది. అంటే ముఖం మీద తీయడానికి పరదా అంటూ ఏమీ లేదు. లేని పరదాను తీయమంటే సాఫ్ట్‌వేర్ చర్మాన్నే గీకుతుంది.

ఎలా గీకుతుందో చూడాలంటే ఈ పద్ధతుల్లో ప్రసిద్ధమైన ఒకదాన్ని తెలుసుకోవాలి. 2009లో కైమింగ్ హే, జియాన్ సన్, షియావో టాంగ్ అనే పరిశోధకులు ఒక చక్కని విషయం గమనించారు. మంచు లేని ఆరుబయట ఫొటోలో, ఆకాశాన్ని పక్కన పెడితే, ఏ చిన్న ముక్క తీసుకున్నా ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటిలో కనీసం ఒక రంగు ఎక్కడో ఒకచోట బాగా చీకటిగా ఉంటుంది. ఆకు పచ్చగా ఉందంటే అందులో నీలం తక్కువ, గోడ పక్కన నీడ ఉందంటే అక్కడ అన్నీ తక్కువ. పొగమంచు కమ్మితే ఆ చీకటి కాస్తా తెల్లబడుతుంది. కాబట్టి ఒక ముక్కలో చీకటి అన్నదే లేకపోతే అక్కడ అంత మంచు ఉందని లెక్కగట్టి, దాన్ని తీసేయవచ్చు. ఆలోచన అందమైనదే. కానీ పుట్టుకతోనే తెల్లగా ఉన్న వస్తువు దగ్గర ఈ లెక్క తప్పుతుంది. దగ్గరున్న తెల్లచొక్కా కూడా దానికి మంచులాగే కనిపిస్తుంది. నుదుటి మీద, ముక్కు మీద మెరిసే వెలుతురూ అంతే. వాటిని తగ్గిస్తుంది, నీడల్ని ఇంకా నల్లగా చేస్తుంది, రంగుల్ని చిక్కబరుస్తుంది. మన చర్మంలో ఎరుపు ఎక్కువ, నీలం తక్కువ. చిక్కబడేసరికి ఉన్న కాస్త నీలమూ అడుగంటి ముఖం ఇటుకరంగులోకి దిగుతుంది.

చిత్రమేమిటంటే మన బుద్ధుడూ తెల్లరాతి విగ్రహమే. కాబట్టి విగ్రహం మీద కూడా డీహేజ్ పొరపడుతుంది. గీతలు, మడతలు తేలతాయి గానీ రాయి ఉండాల్సినదానికన్నా నల్లబడుతుంది. ఈ సంగతి గుర్తుంచుకుంటే తర్వాత పని తేలిక.

లైట్‌రూమ్‌లో ఈ ఫొటోను ఎలా సరిచేస్తానో వరసగా చెబుతాను. ఫొటో రా ఫైల్ అయితేనే పూర్తి ఫలితం ఉంటుంది. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. విగ్రహం అంతా వాటిలో ఒక ఇరుకు ముక్కలో సర్దుకుని ఉంటుంది. దాన్ని సాగదీస్తే ఆకాశంలో చారలు పడతాయి.

మొదట వైట్ బ్యాలెన్స్. అది ముఖాన్ని చూసి పెట్టాలి, వెనకున్న బూడిదను చూసి కాదు. ట్యాంక్‌బండ్ చెరువుకు తూర్పున ఉంది కాబట్టి, ఉదయం విగ్రహం వైపు తిరిగితే సూర్యుడు మన వీపు వెనక ఉంటాడు. ఆ ఎండ మందమైన గాలిని దాటుకుని వచ్చేసరికి పసుపు, నారింజ కలిసిన వెచ్చదనంతో ముఖం మీద పడుతుంది. వెనక పరదా మాత్రం చల్లటి బూడిదరంగు. ఒకే ఫొటోలో రెండు రకాల వెలుతురు ఉందన్నమాట. పరదాను తటస్థం చేయాలని ఫొటో మొత్తాన్ని వెచ్చబరిస్తే ముఖం పచ్చకామెర్లు వచ్చినట్టు అవుతుంది. ముఖం సరిపోయాక వెనకభాగం చల్లగా మిగిలినా ఫరవాలేదు, దాని సంగతి విడిగా చూడవచ్చు.

మొత్తం ఫొటోకు వర్తించే డీహేజ్‌ను సున్నా దగ్గరే వదిలేస్తాను. మాస్కింగ్‌లోకి వెళ్లి Background ఎంచుకుంటే మనిషిని వదిలి మిగతాదంతా ఎంపికవుతుంది. ఇక్కడే చాలామంది రెండో తప్పు చేస్తారు. వెనకున్నదంతా ఒకటే అనుకుంటారు. రెయిలింగ్ మనిషి పక్కనే ఉంది, దాని మీద పరదా లేదు. దగ్గరి నీళ్ల మీద కొంచెం, విగ్రహం మీద బాగా, అవతలి గట్టు మీద ఇంకా ఎక్కువ. అన్నిటికీ ఒకే మోతాదు ఇస్తే రెయిలింగ్ నల్లబడి, దూరం దగ్గర అనే భావమే పోతుంది. అందుకని ఆ మాస్క్‌ను Linear Gradient తో ఖండించి, రెయిలింగ్ పైఅంచు దగ్గర సున్నాగా మొదలై నీటిగట్టు చేరేసరికి పూర్తి బలం వచ్చేలా అమర్చుతాను. దానికి డీహేజ్ 25. విగ్రహానికి విడిగా బ్రష్‌తో ఇంకో మాస్క్, అందులో మరో 15. నల్లబడిన తెల్లరాయి కోలుకోవడానికి అదే మాస్క్‌లో ఎక్స్‌పోజర్ పావు స్టాప్ పెంచి, శాచురేషన్ పది తగ్గిస్తాను. ఈ అంకెలు మొదలుపెట్టడానికే, మీ ఫొటోలో ఇంకోలా ఉండవచ్చు.

అవతలి గట్టు భవనాలను మాత్రం లాగకూడదు. అక్కడి నుంచి వచ్చింది ఐదు శాతమే. దాన్ని ఎంత సాగదీసినా బయటపడేది భవనం కాదు, కెమెరా సెన్సర్ చేసే గరుకుచుక్కలు. అక్కడ స్లైడర్ కదిలించేకొద్దీ కిటికీలు తేలకుండా ఇసుకలాంటి గరుకే పెరుగుతుంటే, తీయడానికి ఏమీ మిగల్లేదని అర్థం. ఆ గట్టు మీద డీహేజ్ సగానికి తగ్గిస్తాను. ఆకాశంలో గుండ్రటి మచ్చలు తేలితే అవి సెన్సర్ మీది దుమ్ము. అవి ముందూ ఉన్నాయి, డీహేజ్ కాంట్రాస్ట్ పెంచేసరికి కంటికి కనిపిస్తున్నాయి. హీలింగ్ బ్రష్‌తో తుడిచేయాలి.

తర్వాత తల అంచు. విడివిడి వెంట్రుకల మధ్య వెనకున్న బూడిద కనిపిస్తూ ఉంటుంది. మాస్క్ ఆ సందుల్లోకి పూర్తిగా వెళ్లదు. ఫలితంగా తల చుట్టూ తెల్లటి వలయం, దేవుడి పటంలో ఉన్నట్టు. ఫొటోను వంద శాతానికి పెద్దది చేసి చూస్తేనే ఇది దొరుకుతుంది. బ్యాక్‌గ్రౌండ్ మాస్క్‌లో మెత్తటి అంచున్న బ్రష్‌ను బలం బాగా తగ్గించి, కలిపే పద్ధతిలో జుట్టు కొసల మీద ఒకటి రెండుసార్లు రాస్తే వలయం కరుగుతుంది. మరీ ఎక్కువ రాస్తే జుట్టు నల్లటి అట్టముక్కలా గట్టిపడుతుంది. వలయం పోవడం లేదంటే డీహేజ్ మోతాదే ఎక్కువైందని గ్రహించి వెనక్కి రావాలి. నా దృష్టిలో ఎంత లాగవచ్చో తేల్చేది విగ్రహం కాదు, ఈ జుట్టు అంచే.

ఇక ముఖం. దానికి డీహేజ్ అక్కర్లేదు. పొగమంచులో చెదిరిన వెలుతురు అన్ని వైపుల నుంచీ వస్తుంది కాబట్టి ముఖం కొంచెం చప్పగా ఉండవచ్చు, అంతే. ఇక్కడ మనిషినంతా ఎంచుకుని వెచ్చబరిస్తే తెల్లచొక్కా పసుపెక్కుతుంది. అందుకే People మాస్క్‌లో Face Skin, Body Skin రెండూ కలిపి ఎంచుకుంటాను. చేతుల్ని వదిలేస్తే ముఖం వెచ్చగా, చేతులు పాలిపోయి రెండు వేర్వేరు మనుషులవిలా ఉంటాయి. ఆ మాస్క్‌లో Temp నాలుగైదు పెంచి, ఎక్స్‌పోజర్ చిటికెడు పెంచితే చాలు. సరిపోయిందో లేదో కంటితోపాటు అంకెలతోనూ చూడవచ్చు. చెంప మీద కర్సర్ పెడితే ఎరుపు, ఆకుపచ్చ, నీలం శాతాలు కనిపిస్తాయి. ఎరుపు అన్నిటికన్నా ఎక్కువ, తర్వాత ఆకుపచ్చ, చివర నీలం ఉండాలి. నీలం ఆకుపచ్చకు మరీ దగ్గరగా ఉంటే ముఖం పాలిపోతుంది. నీలం బాగా కిందికి పడిపోతే ఇటుకరంగు మళ్లీ వచ్చినట్టే.

ఎక్కడ ఆగాలన్నదే కష్టమైన ప్రశ్న. విగ్రహం ఎండాకాలం మధ్యాహ్నంలా మిలమిలలాడితే, ముందున్న మనిషి మీద మాత్రం నీడలు లేని మెత్తటి వెలుతురు ఉంటే, స్టూడియోలో తెర ముందు నిలబెట్టి తీసినట్టు ఉంటుంది. చూసేవాళ్లు కారణం చెప్పలేకపోయినా ఏదో కుదరలేదని పసిగడతారు. నేను పరదాను పూర్తిగా తీయను. ఫొటోను అరచేతిలో ఫోన్ అంత చిన్నదిగా చేసి చూస్తాను. చూపు ముందుగా కళ్ల మీద పడి, తర్వాత విగ్రహం దగ్గరికి వెళ్తే ఆపేస్తాను. నేరుగా విగ్రహం మీదికే పోతే డీహేజ్ ఐదేసి చొప్పున తగ్గిస్తూ వస్తాను.

ఈ పద్ధతి మొత్తం తలకిందులయ్యే సందర్భం ఒకటుంది. లంబసింగిలో దట్టమైన మంచు దిగిన వేళ 200 మీటర్లకు మించి ఏమీ కనిపించదనుకోండి. పొడవాటి లెన్స్‌తో 15 మీటర్ల దూరం నుంచి తీస్తే ముఖం వెలుతురులోనే పావు వంతు దారిలో పోతుంది. అప్పుడు ముఖం మీద నిజంగానే పరదా ఉంది. అక్కడ మనిషికి మాస్క్ వేసి డీహేజ్ ఎనిమిదో పదో ఇచ్చి, ఎరుపు చిక్కబడకుండా అదే మాస్క్‌లో శాచురేషన్ కాస్త తగ్గించాలి. వెనకున్న కొండల జోలికి మాత్రం పోకూడదు, ఆ ఫైల్‌లో అవి లేనే లేవు.