వంద ఎంబీపీఎస్ ప్లాన్‌లోనూ తప్పని నిరీక్షణ

చెన్నై నుంచి వేసిన సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టులో ప్రారంభమయ్యేదాకా అండమాన్ దీవుల ఇంటర్నెట్ ప్రధానంగా ఉపగ్రహాల మీదే నడిచింది. ఇలాంటి సేవలకు వాడే భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మనం అడిగింది అక్కడిదాకా వెళ్లి గ్రౌండ్ స్టేషన్‌కు దిగాలి, జవాబు మళ్లీ అదే దారిన రావాలి. సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో సాగినా ఈ ప్రయాణానికే దాదాపు అరసెకను పడుతుంది. మధ్యలోని పరికరాల ఆలస్యం కూడా కలిస్తే 0.6 సెకను అవుతుంది. దీన్నే లేటెన్సీ అంటారు. ఖరీదైన ప్లాన్ తీసుకుంటే ఒక్కసారిగా ఎక్కువ డేటా వస్తుంది కానీ దూరం తగ్గదు.

బ్యాంకు వెబ్‌సైటు తెరవడాన్నే చూడండి. ముందు సైటు పేరును బట్టి దాని ఐపీ అడ్రస్ కనుక్కోవాలి. తర్వాత సర్వర్‌తో కనెక్షన్ కలపాలి, ఆపైన ఎన్‌క్రిప్షన్ కుదుర్చుకోవాలి. పేజీ పంపమని అడిగేది అప్పుడే. ఒకదాని వెనక ఒకటిగా నాలుగుసార్లు వెళ్లి రావాలి కాబట్టి, పేజీలో తొలి అక్షరం అందేసరికే సుమారు 2.4 సెకన్లు గడిచిపోతాయి. 20 ఎంబీపీఎస్ అయినా, 100 అయినా అంతే.

సినిమా చూడటానికి ఇది అడ్డు కాదు. మొదట్లో కాస్త ఆగినా, ఒకసారి డేటా రావడం మొదలైతే వరసగా వస్తూనే ఉంటుంది. చిక్కంతా ప్రతి అడుగుకూ జవాబు కావాల్సిన పనులతోనే. వీడియో కాల్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఇద్దరూ ఒకేసారి ఆగిపోతారు. షూటింగ్ గేమ్ ఆడటం దాదాపు అసాధ్యం. ఆఫీసు వీపీఎన్ మరీ మొండిది: టీసీపీ జాప్యాన్ని తగ్గించడానికి ఉపగ్రహ మోడెమ్ చేసే సర్దుబాట్లు, ట్రాఫిక్ అంతా ఎన్‌క్రిప్ట్ అయిపోతే సాధారణంగా పనిచేయవు.

వాన తెచ్చే ఇబ్బంది వేరు. కేయూ, కేఏ బ్యాండ్ల తరంగాలు ఒకటి రెండు సెంటీమీటర్ల పొడవే ఉంటాయి. జోరువాన చినుకులు వాటిని పీల్చేస్తాయి, చెదరగొడతాయి. సిగ్నల్ తగ్గగానే మోడెమ్, తప్పులు దొర్లకుండా నెమ్మదైన కోడింగ్‌కు మారుతుంది. స్పీడు పడిపోతుంది. ఇంకా తగ్గితే లింకే తెగిపోతుంది. పోయిన ప్రతి ప్యాకెట్‌ను మళ్లీ తెప్పించుకోవడానికి ఇంకో 0.6 సెకను.

ఏది కారణమో తెలుసుకోవాలంటే కంప్యూటర్‌లో ఈ కమాండ్ ఇచ్చి చూడవచ్చు.

```
ping 8.8.8.8
```

600 మిల్లీసెకన్ల దగ్గర నిలకడగా ఉంటే అది దూరం వల్లే. ఆకాశం నిర్మలంగా ఉన్నా రోజూ రాత్రివేళ 900 దాటుతుంటే లైను మీద రద్దీ ఉందని అనుమానించాలి. వానలో `Request timed out` అని పదే పదే వస్తే సిగ్నల్ బలహీనపడినట్టు. ఇంటి దగ్గర ఎండ కాస్తున్నా ఇలాగే జరిగితే, దూరాన ఉన్న గ్రౌండ్ స్టేషన్ దగ్గర వాన పడుతూ ఉండొచ్చు. అలాంటప్పుడు ఇంటి డిష్‌ను ఎటు తిప్పినా లాభం లేదు.

స్టార్‌లింక్ ఉపగ్రహాలు దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తునే తిరుగుతాయి కాబట్టి లేటెన్సీ సాధారణంగా 25 నుంచి 60 మిల్లీసెకన్లే. కాల్స్, వీపీఎన్ కష్టాలు అక్కడ చాలావరకు తీరతాయి. కానీ అవీ కేయూ, కేఏ బ్యాండ్లనే వాడతాయి. కుండపోత వానలో వాటి లింకు కూడా తడబడుతుంది.