ఇరవై వేల ఖాళీలు

కంప్యూటర్ సైన్స్ మొదటి సంవత్సరం విద్యార్థులకు ఒక మాస్టారు చెప్పిన పాఠం ఇది. మీరూ ఆ తరగతిలో కూర్చున్నట్టే చదవండి.

ప్రోగ్రాములు రాసేవాళ్ళు సందేహం వస్తే స్టాక్ ఓవర్‌ఫ్లో అనే వెబ్‌సైట్‌లో అడుగుతారు కదా! 2016 జూలై 20న అది 34 నిమిషాలు ఆగిపోయింది. దాని మీద ఎవరూ దాడి చెయ్యలేదు. ఎవరో పెట్టిన ఒక పోస్టులో వరుసగా సుమారు 20,000 ఖాళీలు, అంటే స్పేసులు, ఉన్నాయి. అంతే!

వరుస చివర ఉన్న ఖాళీలను తీసెయ్యడానికి ఆ సైట్‌లో ఒక నమూనా వాడారు. దాన్ని తేలిక చేసి రాస్తే ఇలా ఉంటుంది:

```
\s+$
```

`\s+` అంటే ఒకటి లేదా అంతకన్నా ఎక్కువ ఖాళీలు. `$` అంటే వరుస చివర.

ఆ పోస్టులో ఖాళీల తరువాత ఇంకో అక్షరం ఉంది. నాలుగు ఖాళీలు, తరువాత ఒక అక్షరం ఉన్నాయనుకోండి. ప్రోగ్రాం మొదటి ఖాళీ నుంచి నాలుగు చూస్తుంది. తరువాత అక్షరం కనబడుతుంది. "అయ్యో, ఇది చివర కాదే!" అని రెండో ఖాళీ దగ్గర మళ్ళీ మొదలుపెడుతుంది. ఇలా 4+3+2+1, మొత్తం 10 సార్లు చూస్తుంది. 20,000 ఖాళీలైతే సుమారు 20 కోట్ల సార్లు! ఆ పోస్టు మొదటి పేజీలో ఉంది. సర్వర్లు బాగున్నాయో లేదో ఆ పేజీని తెరిచే పరీక్షించేవారు. పేజీ రాకపోయేసరికి సర్వర్లన్నీ పాడైనట్టే లెక్క అయింది.

ఇప్పుడు ఆటోమేటన్ అనే చిన్న యంత్రాన్ని ఊహించుకోండి. దానికి రెండే స్థితులు. ఇప్పుడే చూసింది అక్షరమైతే ఒకటో స్థితి, ఖాళీ అయితే రెండో స్థితి. అది వెనక్కి వెళ్ళదు, ఒక్కొక్కదాన్ని ఒక్కసారే చూస్తుంది. వరుస అయిపోయేటప్పటికి రెండో స్థితిలో ఉంటే చివర ఖాళీలున్నట్టు. రెండో స్థితిలోకి ఎక్కడ అడుగుపెట్టామో గుర్తు పెట్టుకుంటే, అక్కడి నుంచి కత్తిరించవచ్చు. 20,000 ఖాళీలకు సుమారు 20,000 అడుగులే!

నమూనాను ఇలాంటి యంత్రంగా మార్చే పద్ధతిని కెన్ థాంప్సన్ 1968లోనే ప్రచురించాడు. మరి అందరూ అదే ఎందుకు వాడరు? "ముందు వచ్చిన మాటే మళ్ళీ రావాలి" వంటి నమూనాలకు ఇది చాలదు. ఆ మాట ఎంత పొడవైనా ఉండవచ్చు, యంత్రానికి ఉన్నవి కొన్ని స్థితులే. అందుకే చాలా భాషల్లో వెనక్కి వెళ్ళి మళ్ళీ చూసే పద్ధతే ఉంది.

మీ ప్రోగ్రాం ఎలాంటిదో తెలుసుకోవాలంటే, ఖాళీలను రెట్టింపు చేసి చూడండి. సమయం కూడా రెట్టింపే అయితే ఫరవాలేదు. నాలుగు రెట్లయితే మాత్రం జాగ్రత్త!

మీరు చెయ్యండి: ఆరు ఖాళీలు, తరువాత ఒక అక్షరం ఉంటే మొదటి పద్ధతిలో ఖాళీలను మొత్తం ఎన్నిసార్లు చూడాలి? యంత్రం ఎన్ని అడుగులు వేస్తుంది? రెండు స్థితులకు రెండు సున్నాలు గీసి, బాణాలతో చూపించండి.